రెండో షెడ్డుకు అరవై రాలేదు

నర్సప్ప కరెంటు మగ్గం దగ్గరికి, వాళ్ల మాటలో సాంచె దగ్గరికి, వెళితే ముందు మాట్లాడడు. అరచెయ్యి తీసి దాని చట్రం మీద పెడతాడు, జ్వరం చూసినట్టు. నడుస్తున్న సాంచె వణుకును బట్టి ఏ బోల్టు వదులైందో, దారాన్ని అటూ ఇటూ లాగే నాడె పెట్టెకు ఎంత గట్టిగా కొట్టుకుంటున్నదో తెలుసుకుంటాడు. ఆ తర్వాతే పానా అడుగుతాడు. పక్కనున్న నేతగాడు "ఏమైంది జాబర్ సాబ్, ఏమైంది?" అని పదిసార్లు అడిగినా జవాబు ఉండదు. సాంచె మళ్లీ నడిచాక మాత్రం "గంతే" అని వెళ్లిపోతాడు.

షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర దత్తాత్రేయ సేటు టవళ్ల కార్ఖానాలో రెండో షెడ్డు మొత్తం నర్సప్ప చేతికింద ఉండేది. సాంచెలను బాగుచేసే మేస్త్రీని అక్కడ జాబర్ అంటారు. ఆయన ఏ బడిలోనూ ఆ పని నేర్చుకోలేదు. ఏడో తరగతిలో చదువు ఆగిపోయింది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన తండ్రి మిల్లులో నేతగాడు. మిల్లు మూతబడ్డాక ఇంట్లో పొయ్యి వెలగడం కోసం కొడుకు సాంచెలకు నూనె పోసే పనికి చేరాడు. నూనె పోస్తూ చూశాడు, చూస్తూ విప్పాడు, విప్పినదాన్ని మళ్లీ బిగించలేక తిట్లు తిన్నాడు. అలా వచ్చింది పని. టవల్‌లో అంగుళానికి ఎన్ని పోగులు పడాలో నిర్ణయించేది పళ్ల చక్రాల వరస. ఏ చక్రం మారిస్తే ఎన్ని పోగులు మారతాయో ఆయన గోడ మీద సుద్దముక్కతో గుణించి నేర్చుకున్నాడు. ఒక చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది, అది మరోదాన్ని. అక్కడ కూడికకు పనిలేదు. అంతా గుణకారమే. మధ్యలో ఒక్క చక్రం తప్పు వేస్తే చివర పోగు లెక్క తప్పుతుంది. ఈ సంగతి ఆయనకు కాగితం మీద కంటే ముందు వేళ్లకు తెలుసు.

రెండో షెడ్డు సాంచెలు ముసలివి. మూతబడ్డ మిల్లు నుంచి సేటు తండ్రి కొనుక్కొచ్చినవి. పోగును నెట్టి బిగించే పన్నెలు అరిగాయి, ఇరుసులు అరిగాయి. నేస్తుండగా ఉన్నట్టుండి టవల్ మీద లూపులు లేవకుండా ఒక గీత బోడిగా పడేది. లేకపోతే ఒక పోగు తప్పిపోయి సన్నటి సందు కనిపించేది. అలాంటి టవళ్లను కటింగ్ బల్ల దగ్గర పక్కన పడేసేవారు. అవి మూటలు కట్టుకుని జోడ్‌భావి పేట్‌లో నర్సప్ప ఇంటికి వచ్చేవి.

ఆ ఏర్పాటు ఆయనదే. భార్య భాగ్యలక్ష్మి పెళ్లయిన కొత్తల్లో అందరిలాగే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తంబాకు ఘాటుకు రాత్రంతా దగ్గేది. ఒకనాడు నర్సప్ప ఒక పాడైన టవల్ ఇంటికి తెచ్చి, సూదిలో అదే నూలు ఎక్కించి, బోడిగా ఉన్న చోట ఒక్కో లూపు ఎట్లా లేపాలో చూపించాడు. ఆమె మూడు లూపులు ఆయన చూపించినట్టు లేపి, నాలుగోది తన పద్ధతిలో లేపింది. నాలుగోదే బాగుంది. ఆ తర్వాత గల్లీలో ఇంకొందరు ఆడవాళ్లు చేరారు. బీడీల చాటలు అటక ఎక్కాయి. మధ్యాహ్నం ఎండ గడపలోకి వచ్చే వేళకు వాకిట్లో వరసగా కూర్చుని, ఒళ్లో టవళ్లు పరుచుకుని రఫ్ఫు చేసేవారు. వాళ్లు చేసిన రఫ్ఫును పట్టుకున్నవాడు షోలాపూర్‌లో లేడని నర్సప్ప నమ్మకం. ఆయన గొప్ప చెప్పుకునేది ఆ ఒక్కదాని గురించే.

తొంభై ఏడులో దత్తాత్రేయ సేటు పూణేకు పోయి ఏదో శిక్షణ తరగతిలో కూర్చుని వచ్చాడు. వచ్చాక ఆయన మాట మారింది. "ఎన్ని టవళ్లు?" అనేవాడు కాస్తా "ఎంత శాతం?" అనడం మొదలుపెట్టాడు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన విష్ణును సూపర్‌వైజర్‌గా పెట్టుకుని, నెలనెలా ఒక్కో షెడ్డుకూ రిపోర్టు రాయమన్నాడు. అందులో మూడు శాతాలు ఉంటాయి. నడవాల్సిన వేళలో సాంచెలు ఎంతసేపు నడిచాయనేది మొదటిది, అవైలబిలిటీ. నడిచినంతసేపు ఉండాల్సిన వేగానికి ఎంత దగ్గరగా నేశాయనేది రెండోది, పర్ఫార్మెన్స్. పోగు తెగి కాసేపు ఆగడాలు కూడా ఇందులోనే పడతాయి. నేసినదాంట్లో మంచి సరుకు ఎంతనేది మూడోది, క్వాలిటీ. ఈ మూడింటినీ గుణిస్తే ఓవరాల్. సాంచెల అసలు సత్తా అదే. కరెంటు బోర్డువాళ్లు వారానికోసారి లైను ఆపే రోజు నడపాల్సిన వేళలోకే రాదు కాబట్టి ఆ పాపం ఎవరికీ అంటదు.

విష్ణు మంచి పిల్లవాడు. వాళ్ల నాయన, నర్సప్ప ఒకే మిల్లు గేటు ముందు పెరిగారు. అందుకే కార్ఖానాలో అందరి ముందూ "మాస్టర్" అన్నా, ఎవరూ లేనప్పుడు "మామా" అనేవాడు.

దీపావళి దాటిన తర్వాత సేటు అందరినీ వాకిట్లో నిలబెట్టి చెప్పాడు. నాడె లేని కొత్త రకం సాంచెలు, ఒకసారి వాడినవే, బయటి నుంచి వస్తున్నాయి. వాటికి జాగా కావాలి. ఓవరాల్ అరవై దాటిన షెడ్డు జోలికి పోడు. అరవైలోపు ఉన్నదాన్ని ఖాళీ చేసి సాంచెలను పాత ఇనుము కింద భంగార్‌కు తోలేస్తాడు. రెండూ దాటితే వెనక ఉన్న ఖాళీ జాగాలో కొత్త రేకుల షెడ్డు వేస్తాడు.

"అరవై అంటే ఫస్ట్ క్లాసా సేట్?" అన్నాడు పోచయ్య. రెండో షెడ్డులో అందరికంటే పాత నేతగాడు, నోరూరుకోదు. "మా తాత ముప్పై అయిదు తోటే పాసయిండు."

అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వాడు. "మీ తాత పాసైండు గని, నౌకరీ దొరికిందా పోచయ్యా?" అన్నాడు. ఈసారి నవ్వు కొంచెం తగ్గింది.

రిపోర్టు సేటు ముందుకు పోయే ముందు జాబర్లు ఒకసారి చూసి సంతకం పెట్టాలి. అది సేటు పెట్టిన కొత్త నియమం. చాలామంది చూడకుండానే పెట్టేవారు. ఆ శుక్రవారం విష్ణు తెచ్చి ఇచ్చిన కాగితాన్ని నర్సప్ప నూనె చెయ్యి తుడుచుకుని తీసుకున్నాడు. అక్షరాలు ఇంగ్లీషు. అంకెలు అందరివీ.

మొదటి షెడ్డు: ఎనభై ఎనిమిది, ఎనభై నాలుగు, తొంభై ఆరు. ఓవరాల్ డెబ్బై ఒకటి.

రెండో షెడ్డు: ఎనభై అయిదు, ఎనభై, తొంభై అయిదు. ఓవరాల్ యాభై ఒకటి.

ఆయన కళ్లు యాభై ఒకటి మీద ఆగిపోయాయి. చాలాసేపు కదల్లేదు. చుట్టూ ఇన్ని సాంచెలు దడదడలాడుతున్నా ఆయనకు ఏదీ వినిపించలేదు. ఆ తర్వాత నెమ్మదిగా, ఎక్కడో ఒక చక్రం సరిగా కూర్చోలేదని వేళ్లకు అనిపించినట్టు, ఏదో అనిపించింది. మూడూ మొదటి షెడ్డు మూడింటికి దగ్గరగానే ఉన్నాయి. మరి చివరిది ఇంత కిందికి ఎట్లా దిగింది?

నూలు చుట్టిన బీము పక్కన గోడకు ఆనుకుని సుద్దముక్క తీశాడు. సాంచెలు ఒక్క నిమిషం ఆగకుండా, పూర్తి వేగంతో నడిస్తే వంద టవళ్లు అనుకుందాం. నడిచింది ఎనభై అయిదు పాళ్లే కాబట్టి వంద కాస్తా ఎనభై అయిదు. అవి కూడా ఎనభై పాళ్ల వేగంతోనే కాబట్టి అరవై ఎనిమిది. అంటే అరవై ఎనిమిది టవళ్లు నేసినట్టు. అందులో తొంభై అయిదు పాళ్లు మంచివి. అరవై నాలుగున్నర దాటింది.

తుడిచి మళ్లీ వేశాడు. అరవై నాలుగున్నర పైనే.

మొదటి షెడ్డు లెక్క కూడా వేసి చూశాడు. డెబ్బై ఒకటే వచ్చింది. అంటే దారి సరైనదే. తప్పు రెండో షెడ్డు దగ్గరే.

"ఏం రాస్తున్నవ్ జాబర్ సాబ్, గోడకు ఉత్తరమా?" అని పోచయ్య వచ్చాడు.

"అరవై దాటినం" అన్నాడు నర్సప్ప.

పోచయ్య ముఖంలో వెటకారం ఒక్కసారిగా జారిపోయింది. "కసమా?"

"గుణించి చూడు."

"నాకు గుణకారమొస్తే ఈడెందుకుంట? నువ్వు చెప్పినవ్, చాలు." పోచయ్య వెనక్కి తిరిగి సాంచెల మధ్య నడుస్తూ ఒక్కొక్కడి చెవిలో అరిచాడు. ఆ చప్పుడులో చెవిలో అరిస్తే తప్ప వినిపించదు. చివరి సాంచె దాకా మాట పోయింది. ఎవరో ఈల వేశారు. ఒకడు చెయ్యెత్తి నర్సప్పకు దండం పెట్టాడు. నర్సప్ప తలకాయ పక్కకు తిప్పుకున్నాడు గానీ, చాలా రోజుల తర్వాత ఆయన గుండె తేలికైంది.

విష్ణు ఆఫీసు అంటే మెట్ల కింద ఒక బల్ల, ఒక ఫ్యాను. నర్సప్ప కాగితం ముందు పెట్టి, "ఈ మూడు గుణించు బిడ్డా" అన్నాడు.

విష్ణు కాలిక్యులేటర్ నొక్కాడు. ముఖం ఎర్రబడింది. మళ్లీ నొక్కాడు.

"నిజమే మామా. కలుస్తలేదు."

"మరి యాభై ఒకటి కొట్టెయ్. అరవై నాలుగున్నర రాయి."

విష్ణు కలం తీశాడు. అంకె మీద పెట్టాడు. కొట్టెయ్యలేదు.

"మామా, ఒక మాట. నాలుగు అంకెలున్నయ్. నాలుగూ కలవకపోతే ఒకటి తప్పు, గంతవరకు సై. గని తప్పు ఓవరాలే అని ఎట్ల అంటం? ఆ మూడిట్ల ఒకటి తప్పుండొచ్చు గద."

"ఓవరాల్ నువ్వు గుణించలేదా?"

"లేదు మామా. అడ్డదారిలో తీసిన. నడవాల్సిన వేళంత పూర్తి వేగంతోని నడిస్తే ఎన్ని టవళ్లు నేయాల్నో తీసిన. కటింగ్ బల్ల మీది నుంచి మంచియని ఎన్ని లేచినయో తీసిన. ఒకదాన్ని ఒకటితో భాగించిన. అట్ల చేసినా గదే రావాలె, ఎందుకంటే వేళ, వేగం, మంచిసరుకు మూడూ అందులోనే ఇమిడి ఉంటయ్. మొదటి షెడ్డుకు గట్లనే వచ్చింది."

నర్సప్ప ఆ లెక్కను వేళ్ల మీద తిప్పి చూశాడు. పిల్లవాడు చెప్పింది ఒప్పు. రెండు దారులూ ఒకే ఊరికి పోవాలి.

"నడిచిన వేళ?"

"గడియారం చెప్పింది."

"వేగం?"

"పోగులు లెక్కపెట్టే మీటర్ చెప్పింది. నువ్వే బిగించినవ్ గద."

"క్వాలిటీ?"

"గది..." అని విష్ణు ఆగాడు. "గది ప్యాకింగ్ నుంచి తెచ్చిన. యమునాబాయి ఇచ్చింది."

ఇద్దరూ లేచి ప్యాకింగ్ గదికి నడిచారు. యమునాబాయి పండరిపురం వైపు మరాఠీ మనిషి. షోలాపూర్‌లో ఇన్నేళ్లు తెలుగువాళ్ల మధ్య ఉండి రెండు భాషలనూ కలగలిపి పచ్చడి చేసేది. పెట్టెల మధ్య కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"యా భావూ, రా" అంది నర్సప్పను చూసి. "ఈ పొద్దు రాజులిద్దరు కలిసి ఒచ్చిండ్రు. కాయ్ ఝాలా, ఏమైంది?"

"బాయీ, రెండో షెడ్డు మాలు తొంభై అయిదు మంచిది అని ఇచ్చినవ్. ఎట్ల లెక్కపెట్టినవ్?" అన్నాడు విష్ణు.

"ఎట్ల అంటే? పెట్టెల పెట్టింది మంచిది. పారేసింది పాడు. ఇంక రెండు రకాలేనా లోకంల?"

"రఫ్ఫు అయి వచ్చినయ్?"

"గవి మంచియే గదరా బాబూ! మనింటి లక్ష్మి చేసినయ్." ఆమె చెయ్యి వెనక్కి చాచి రెండు టవళ్లు లాగి విష్ణు ఒళ్లోకి విసిరింది. "ఇందులో ఒకటి రఫ్ఫుది, ఒకటి కాదు. ఏదో చెప్పు. చెప్తే నా కాళ్ల పట్టీలు నీకే."

విష్ణు రెండింటినీ తిప్పి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు. నవ్వుతూ తల అడ్డంగా ఊపి నర్సప్పకు ఇచ్చాడు. నర్సప్ప బొటనవేలితో లూపుల మీద రాశాడు, ఎదురుగా, అడ్డంగా. తన భార్య చేతిపని తనకే దొరకలేదు.

"ఆయనకే దొరకలే! ఇంక మన మాలు కొనే అమెరికావాడికి ఏం దొరుకుతది?" అని యమునాబాయి చప్పట్లు కొట్టింది.

నర్సప్ప నవ్వలేకపోయాడు. ఆ టవళ్లు చేతిలో పట్టుకునే ఉండగా ఆయనకు అర్థమైపోయింది. సాంచె మీది నుంచి తిన్నగా మంచిగా వచ్చినవి నూటికి డెబ్బై అయిదు. పాడైతే సూది బాగుచేసినవి ఇరవై. సూదికీ లొంగనివి అయిదు. ప్యాకింగ్‌లో డెబ్బై అయిదూ ఇరవై కలిసి తొంభై అయిదయ్యాయి. కటింగ్ బల్ల దగ్గర డెబ్బై అయిదే ఉంది. అరవై ఎనిమిదిలో డెబ్బై అయిదు పాళ్లంటే సరిగ్గా యాభై ఒకటి. మొదటి షెడ్డు సాంచెలు కొత్తవి, వాటి సరుకు రఫ్ఫుకే రాదు. అందుకే అక్కడ ఏ దారిన పోయినా లెక్క కలిసింది.

బయటికి వచ్చాక వరండాలో విష్ణు గొంతు తగ్గించాడు.

"మామా, సేట్ పూణే నుంచి తెచ్చిన కాయితంల ఏముందంటే, మొదటిసారే మిషను మీది నుంచి మంచిగ దిగిందే మంచిది, బాగుచేసింది లెక్కల రాదు అని. గని సేట్ అంత లోపలికి చూడడు. అంకెలు కలిసినయా లేదా, గంతే చూస్తడు. కటింగ్ లెక్కల నేను రఫ్ఫుయి మరిచిపోయిన అని రాసుకుంట. అరవై నాలుగున్నర అయితది. నువ్వు రఫ్ఫుయి మంచియంటే మంచియని రాస్త. కాదంటే కాదని రాస్త. సంతకం నీది. నువ్వే చెప్పు."

కుర్రవాడు నిజంగానే ఆయన చేతిలో పెట్టేశాడు. ఒక్క మాట చాలు. షెడ్డు నిలబడుతుంది. పోచయ్య నిలబడతాడు. అప్పుడు ఈల వేసినవాడు, దండం పెట్టినవాడు నిలబడతారు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. ఆ టవల్ మంచిదే. తన వేలే సాక్ష్యం.

నర్సప్ప షెడ్డులోకి నడిచాడు. ఏడో సాంచె దగ్గర ఆగి చట్రం మీద చెయ్యి పెట్టాడు. వణుకు ఒక్క తీరున లేదు. ఇరుసు అరిగి, ప్రతి కొన్ని పోగులకూ ఒకసారి తొట్రుపడుతోంది. లూపులు తప్పేది అక్కడే. ఆయనకు ఇది కొత్త సంగతి కాదు. ఎన్నోసార్లు కొత్త ఇరుసులు అడిగాడు. సేటు "చూద్దాం" అన్నాడు. రేకు ముక్కలు కోసి సందుల్లో దూర్చి నడిపించాడు. తప్పిపోయినదాన్ని ఇంట్లో సూదికి అప్పగించాడు. సూది బాగా పనిచేసిన కొద్దీ తాను సాంచెను మరిచిపోయాడు. ఇంతకాలం సాంచె సంగతి అడిగినవాడే లేడు, అందరూ టవల్ సంగతే అడిగారు. ఈ కాగితం ఒక్కటే సాంచె సంగతి అడిగింది.

విష్ణు వెనకే వచ్చి నిలబడ్డాడు. నర్సప్ప అతని చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

"టవల్ మంచిదే. సాంచె మంచిది కాదు."

"ఏం రాయాలె మామా?"

"డెబ్బై అయిదు రాయి."

అన్నాక ఆ మాటను వెనక్కి తీసుకోవాలనిపించింది. విష్ణు అప్పటికే తలవంచుకుని వెళ్లిపోయాడు.

మరునాడు సేటు గదిలో కాగితం బల్ల మీద ఉంది. ఎనభై అయిదు, ఎనభై, డెబ్బై అయిదు. ఓవరాల్ యాభై ఒకటి. ఇప్పుడు ఎవరు గుణించినా కలుస్తుంది.

"కూసో నర్సప్పా" అన్నాడు సేటు. "లెక్క నువ్వే పట్టినవంట. శభాష్. గిట్ల ఉండాలె జాబర్ అంటే."

"సేట్, ఒక మాట. ఇరుసులు, పన్నెలు అడిగి అడిగి నోరు పోయింది. అవి ఇచ్చుంటే డెబ్బై అయిదు తొంభై అయ్యేది. తొంభైతోని గుణించు. అరవై దాటుతది."

పక్కనే నిలబడ్డ విష్ణు కాలిక్యులేటర్ నొక్కి చూపించాడు. అరవై ఒకటి.

సేటు ఆ అంకెను చూశాడు. కోపం తెచ్చుకోలేదు. "నిజమే. గని ముసలి సాంచెకు కొత్త ఇరుసేసి ఏం చెయ్యను నర్సప్పా? ఆ మాట అయిపోయింది. నాకు ఇంకోటి చెప్పు. డెబ్బై అయిదు మంచిదైతే, తొంభై అయిదు ఎట్ల పోతున్నది బయటికి?"

విష్ణు నర్సప్పను చూశాడు. నర్సప్ప విష్ణును చూశాడు.

"రఫ్ఫు, సేట్" అన్నాడు నర్సప్ప.

"అంటే పెట్టెల అయిదింట్ల ఒకటి అతుకుల మాలు ఫస్ట్ అని పంపుతున్ననా నేను?"

"అతుకులు కాదు. ఎవరు పట్టలే ఇన్నేండ్లల్ల. ఒక్క టవలు వాపస్ రాలే."

"రాలే. రేపొస్తే? వాడు ఒక్కటి కడిగి చూసి పట్టుకుంటే? మొత్తం మాలు వాపస్ చేస్తడు. నాకిప్పటిదాంక తెల్వదు, తెల్వకపోతే వేరే సంగతి. ఇప్పుడు కాయితం మీద ఉన్నది." సేటు కలం మూత పెట్టాడు. "రఫ్ఫు బంద్. పాడైంది తిన్నగ తక్కువ రేటు సెకండ్‌లకు పోవాలె. ఉన్న మూటలు వాపస్ తెప్పించు. ఆడోళ్లకు చెప్పు. నువ్వు మాత్రం ఎటు పోకు. మొదటి షెడ్డుల ఆ జాబర్‌కు తోడుండు."

నర్సప్ప ఇరవై ఏళ్లు సాంచె చెప్పింది విన్నవాడు, మనుషులకు చెప్పడం నేర్చుకోలేదు. లేచి బయటికి వచ్చాడు.

ఇల్లు చేరేసరికి గడపలో ఎండ ఉంది. వాకిట్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని నవ్వుకుంటున్నారు. పోచయ్య నోటి నుంచి "అరవై దాటినం" అన్న మాట నిన్ననే గల్లీకి వచ్చి చేరింది. దాని వెనక ఇంకేదీ ఇంకా రాలేదు.

"ఏమయ్యా, మిఠాయి ఏది?" అంది భాగ్యలక్ష్మి సూది ఆపకుండానే.

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. షెడ్డు పోతున్నదన్నాడు. రఫ్ఫు బంద్ అన్నాడు. ఎట్లా అయిందో అడిగితే మూడు శాతాల సంగతి, వంద టవళ్ల సంగతి, డెబ్బై అయిదు, ఇరవై, అయిదు అన్నీ చెప్పాడు. ఆమె విన్నది. లెక్క ఆమెకు త్వరగానే అర్థమైంది. ఆ ఇరవై రోజూ ఆమె ఒళ్లోకి వచ్చేవే.

"ఆ మూడిట్ల మేమెక్కడున్నం?" అంది.

"లేరు."

"నడిచిన వేళ ఉన్నది. వేగమున్నది. మంచి మాలు ఉన్నది. మా సూది ఏడ పోయింది?"

"ఏడ పోలే. లెక్కలకే రాలే."

"విష్ణు అడిగిండన్నవ్ గద. రఫ్ఫుయి మంచియా కాదా అని. నిన్నే అడిగిండన్నవ్ గద."

"అడిగిండు."

"నీ వేలికి సుత దొరకలేదన్నవ్."

"దొరకలే."

"మరి మంచియని ఎందుకనలే?"

"అడిగింది టవల్ గురించి కాదు భాగ్యా. సాంచె గురించి."

"సాంచె నీకు బువ్వ పెట్టిందా?" ఆమె గొంతు పెరగలేదు. అదే ఆయనకు కష్టమైంది. "సాంచె తప్పు సాంచెది. దాన్ని దిద్దింది మేము. నువ్వు పోయి సాంచె తప్పు ఒప్పుకున్నవ్, మా ఒప్పు ఎవ్వరు చెప్పాలె?"

పక్కన కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె మెల్లగా టవల్ మడిచి మూటలో పెట్టింది. ఇంకొకామె సూదిని జాకెట్టుకు గుచ్చుకుని, "అటక మీద చాట ఉన్నదో ఎలుకలు కొరికినయో చూడాలె" అని లేచింది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. భాగ్యలక్ష్మి మాత్రం ఒళ్లో ఉన్న టవల్ వదల్లేదు. ఇంకా నాలుగు వేళ్ల బోడి గీత మిగిలి ఉంది.

"అది సెకండ్‌లకే పోతది. ఇడిచిపెట్టు" అన్నాడు నర్సప్ప.

"నాకు తెల్సు" అంది. లూపు తర్వాత లూపు లేపుతూనే ఉంది.

భంగార్ వాళ్లు సంక్రాంతికి ముందే వచ్చారు. పెద్ద పెద్ద సుత్తెలు, కోసే గ్యాసు బండ తెచ్చారు. షెడ్డులో కరెంటు తీసేశారు. నేతగాళ్లు బయట రోడ్డు మీద నిలబడ్డారు. పోచయ్య అప్పటికే వేరే కార్ఖానాలో రోజుకూలీకి పోయాడు. ఆనాడు రాలేదు. ఆ తర్వాత కొంతం చౌక్‌లో ఎదురుపడ్డా నర్సప్పతో మాట్లాడలేదు.

నర్సప్ప పానాల సంచి తీసుకుని ఏడో సాంచె దగ్గర కూర్చున్నాడు. ముందు నాడె పెట్టెలు విప్పాడు. బోల్టులు పక్కన వరసగా పెట్టాడు. ఏ నట్టు ఏ బోల్టుదో దానికే ఎక్కించాడు. తుప్పుపట్టి రానిదానికి కిరసనాయిలు పోసి కాసేపు ఆగి, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పాడు. అరిగిన ఇరుసు బయటికి తీసి తుడిచి చూశాడు. తాను దూర్చిన రేకు ముక్క దానికి అంటుకుని ఉంది.

భంగార్ మనిషి చాలాసేపు పక్కన నిలబడి చూశాడు.

"కాకా, గిది తూకానికి పోతది. గింత జాగ్రత్త ఎందుకు? కొడితే అదే ఊడుతది."

"ఉండు" అన్నాడు నర్సప్ప.

ఆ మనిషి పెద్దవాడి మాటకు మర్యాద ఇచ్చి ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత భుజాలు ఎగరేసి పక్క సాంచె దగ్గరికి పోయి సుత్తె ఎత్తాడు. మొదటి దెబ్బకు పోత ఇనుము కుండలా పగిలి నేల మీద పడింది. నర్సప్ప తల ఎత్తలేదు. చేతిలో ఉన్న నట్టు ఇంకా సగమే వచ్చింది. దాన్ని తిప్పుతూనే ఉన్నాడు.